ఇంగ్లీషు కాంట్రాక్టులో పెద్ద ఏ, చిన్న ఏ: తెలుగులో తేడా ఎలా నిలబెట్టాలి?

*స్థలాన్ని డెవలప్‌మెంట్‌కి ఇస్తున్న ఒక కుటుంబం కోసం, బిల్డర్ తరఫు లాయర్ రాసిన ఇంగ్లీషు అగ్రిమెంట్‌ని తెలుగు చేస్తున్నాను. అందులో అగ్రిమెంట్, పార్టీ అనే మాటలు కొన్నిచోట్ల పెద్ద అక్షరంతో, కొన్నిచోట్ల చిన్న అక్షరంతో ఉన్నాయి. అడిగితే "రెండూ ఒకటి కాదు, జాగ్రత్త" అన్నారు. తెలుగులో పెద్ద అక్షరాలే లేవు కదండీ. బోల్డ్‌లో పెడితే సరిపోతుందా?*

సరిపోదండి. మీ తెలుగు ప్రతి మీ కంప్యూటర్‌లోనే ఉండిపోదు కదా. డాక్యుమెంట్ రైటర్ దాన్ని తన దగ్గరున్న పాత ఫాంట్‌లోకి మార్చుకుంటాడు, ఇంట్లో ఎవరో రెండు పేరాలు కాపీ చేసి వాట్సాప్‌లో పంపుతారు, కళ్లజోడు దొరకని పెద్దాయనకి మనవరాలు చదివి వినిపిస్తుంది. వీటిలో దేనిలోనూ బోల్డ్ మిగులుతుందన్న నమ్మకం లేదు. బోల్డ్ పెట్టుకోవచ్చు, తప్పేం లేదు, కానీ అది పోయినా అర్థం చెడకూడదు. అంటే తేడాని మాటల్లోనే పెట్టాలి. ఇకపై సులువుగా ఉండటానికి అగ్రిమెంట్‌ని పెద్ద ఏ, చిన్న ఏ అని, పార్టీని పెద్ద పీ, చిన్న పీ అని రాస్తాను.

ముందు పెద్ద అక్షరం చేసే పనేమిటో చూడాలి. అది నిర్వచనం వైపు చూపించే గుర్తు. మొదటి పేజీలోనో, డెఫినిషన్స్ క్లాజులోనో "పెద్ద ఏ అంటే ఈ పత్రం, దీని షెడ్యూళ్లు, అనుబంధాలు, తర్వాత రాతపూర్వకంగా చేసుకునే సవరణలు" అన్నట్టు ఉంటుంది. పెద్ద పీ అంటే సంతకం పెడుతున్న భూ యజమాని లేదా డెవలపర్, అంతే. ఇది ఉత్త లాంఛనం కాదు. డెవలప్‌మెంట్ ఒప్పందాల్లో లిఫ్ట్ ఏ కంపెనీది, టైల్స్ ఏ రకం, ఎన్ని కార్లకి పార్కింగ్ లాంటివన్నీ ఎక్కడో వెనక షెడ్యూల్లో ఉంటాయి. పెద్ద ఏ‌ని ఉల్లంఘిస్తే నోటీసు ఇవ్వొచ్చని రాసి ఉంటే, టైల్స్ మార్చేసినా నోటీసు ఇవ్వొచ్చన్నమాట. తెలుగులో ఆ మాట ఒకచోట ఒప్పందం, ఒకచోట పత్రం, ఒకచోట ఒడంబడిక అయిపోతే షెడ్యూళ్లు కూడా దాని కిందికే వస్తాయన్న సంగతి చదివేవారికి అందదు.

చిన్న ఏ అలా కాదు. అది ఒక్కో వాక్యంలో ఒక్కో అర్థం ఇస్తుంది. ఎవరైనా ఎవరితోనైనా చేసుకునే ఒప్పందం కావచ్చు, ఉత్త సమ్మతి కావచ్చు, చట్టం వాడిన మాట కావచ్చు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో సెక్షన్ 2(ఇ) ప్రకారం ఒకదానికొకటి ప్రతిఫలంగా ఉండే వాగ్దానాలు చిన్న ఏ అవుతాయి. 2(హెచ్) ప్రకారం అందులో చట్టం ద్వారా అమలు చేయించుకోగలిగింది కాంట్రాక్టు అవుతుంది. మీ క్లాజు ఆ చట్టాన్ని ఉటంకిస్తూ చిన్న ఏ వాడితే అది చట్టం మాట, మీ చేతిలో ఉన్న పత్రం పేరు కాదు.

అనువాదం మొదలుపెట్టే ముందు చిన్న అక్షరంతో ఉన్నవన్నీ ఏరి ఒక పట్టీలో రాసుకోండి. వర్డ్‌లో అయితే వెతికేటప్పుడు `Match case` టిక్ పెడితే చాలు. ఫైలు మామూలు టెక్స్ట్‌గా ఉంటే ఇలా:

```
grep -nE '\b(agreements?|party|parties)\b' mulam.txt
```

సాధారణంగా పెద్ద అక్షరంవే చాలా ఎక్కువ ఉంటాయి, చిన్నవి తక్కువ. చిక్కంతా ఆ తక్కువ వాటిలోనే. ఒక్కొక్కదాని దగ్గర ఆగి, ఆ మాట తీసేసి అక్కడ నిర్వచనం మొత్తాన్ని పెట్టి చదవండి. "రెండు పార్టీల రాతపూర్వక అగ్రిమెంట్‌తో" అన్నచోట "రెండు పార్టీల రాతపూర్వక ఈ పత్రం, దీని షెడ్యూళ్లు, సవరణలతో" అని పెడితే వాక్యం కూలిపోతుంది. కాబట్టి అది నిజంగానే చిన్న ఏ. నిర్వచనం చక్కగా ఒదిగిపోయి, వాక్యం ఇంకా స్పష్టమైతే అనుమానించాలి. టైప్ చేసినాయన పెద్ద అక్షరం మరిచిపోయి ఉండొచ్చు. అలాంటివాటిని పక్కన గుర్తు పెట్టుకోండి, చివర్లో వాటి సంగతి చెప్తాను.

ఈ వెతుకులాటకి దొరకనివి రెండున్నాయి. పూర్తిగా పెద్ద అక్షరాల్లో కొట్టిన శీర్షికలు, క్లాజుల పేర్లు ఏ రకమో చెప్పవు. వాక్యం మొదట్లో వచ్చే మాటకి ఎలాగూ పెద్ద అక్షరం పడుతుంది కాబట్టి అక్కడా పెద్ద అక్షరాన్ని నమ్మలేం. ఈ రెండు చోట్లా నిర్వచనం పెట్టి చదవడమొక్కటే దారి.

ఇక మాటల ఎంపిక. చాలామంది చేసేది పెద్ద ఏ‌కి "ఈ ఒప్పందం", చిన్న ఏ‌కి "ఒప్పందం". పైకి బాగానే ఉంటుంది. పది పేజీలు దాటాక తెలుస్తుంది ఇబ్బంది. తెలుగులో "ఈ" అనేది చేతిలో ఉన్న పత్రాన్నే చూపించాలని లేదు. ఇప్పుడే చెప్పిన దాన్ని కూడా చూపిస్తుంది. "డెవలపర్ కొనుగోలుదారుతో విక్రయ ఒప్పందం చేసుకున్నప్పుడు, ఈ ఒప్పందంలోని గడువు వర్తిస్తుంది" అని రాస్తే ఏ గడువు? భూ యజమానితో రాసుకున్నదా, ఫ్లాటు కొన్నవారితో రాసుకున్నదా? ఇంగ్లీషులో పెద్ద అక్షరం ఆ అనుమానం రానివ్వదు. తెలుగులో దగ్గరగా ఉన్న విక్రయ ఒప్పందమే తోస్తుంది.

ఇంకో దారి ఉంది. పెద్ద ఏ‌ని "అగ్రిమెంట్" అనే ఉంచి, మిగతావాటికి "ఒప్పందం" వాడటం. కొందరికి ఇది నచ్చుతుంది. ఇతర రకాల కాంట్రాక్టుల్లో నేనూ కాదనను. స్థలాల విషయంలో మాత్రం వద్దంటాను. మన ఊళ్లలో "అగ్రిమెంట్ రాసుకున్నాం" అంటే అడ్వాన్సు ఇచ్చి రాసుకున్న విక్రయ అగ్రిమెంట్ అనే వినిపిస్తుంది. భూ యజమాని దాన్ని ఏ రకంగా తీసుకుంటారో మీ చేతిలో ఉండదు.

అందుకే నా ఓటు పూర్తి పేరుకి. పెద్ద ఏ వచ్చిన ప్రతిచోటా "డెవలప్‌మెంట్ ఒప్పందం". నిర్వచనంలో కోట్ గుర్తుల్లో ఒకసారి ఆ పేరు పెట్టి, తర్వాత మార్చకుండా అదే వాడాలి. కొంచెం పొడుగే. కానీ ఉత్త "ఒప్పందం" మిగతావాటికి ఖాళీ అవుతుంది: విక్రయ ఒప్పందం, సప్లిమెంటరీ ఒప్పందం, ఇతర ఒప్పందాలు. అయితే అద్దె ఒప్పందమైనా, ఉద్యోగ ఒప్పందమైనా, ఏదైనా సరే, పత్రం రకాన్ని బట్టి "ఒప్పందం"కి ముందు పెట్టే మాట మారుతుంది. చిన్న ఏ సమ్మతి అనే అర్థంలో వస్తే దాన్ని ఒప్పందం అననే అనకూడదు. "సమ్మతి" గానీ "అంగీకారం" గానీ ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి.

సప్లిమెంటరీ దగ్గర ఒక్క క్షణం ఆగండి. ప్లాను మంజూరయ్యాక ఎవరికి ఏ ఫ్లాట్లో తేల్చుకుంటూ రాసుకునే పత్రం అది. మీ నిర్వచనంలో సవరణలు, సప్లిమెంటరీలు కూడా పెద్ద ఏ కిందికి వస్తాయని ఉందా లేదా చూసుకోండి. ఉంటే, సప్లిమెంటరీని ఉల్లంఘించడం కూడా డెవలప్‌మెంట్ ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. నిర్వచనం తెలుగు చేసేటప్పుడు ఆ ముక్క జారిపోతే, తర్వాత ఎంత జాగ్రత్తగా ఒకే పేరు వాడినా ఫలితం ఉండదు.

పార్టీ విషయంలో మన భాష ఇంకా ఎక్కువ చిక్కులు పెడుతుంది. "పార్టీ" అంటే రాజకీయ పార్టీ, విందు, రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గరైతే "మా పార్టీ వస్తున్నాడు" అన్నప్పుడు క్లయింటు. కాబట్టి చాలామంది "పక్షం" వైపు వెళ్తారు, నేనూ అంతే. కానీ పక్షాన్ని పెద్ద పీ‌కి కేటాయిస్తే, పత్రంలో ఆ మాట ఇంకే పనీ చేయకూడదు. చేసే పనులు చూడండి. "ఆలస్యం అయిన పక్షంలో" అన్నప్పుడు అది "అయితే" అని. "పక్షం రోజుల్లో" అంటే పదిహేను రోజుల్లో. "యజమాని పక్షాన" అంటే యజమాని తరఫున. కాంట్రాక్టు తెలుగులో ఈ మూడూ మనకి తెలియకుండానే వచ్చి పడతాయి, ముఖ్యంగా మొదటిది. "ఒక పక్షం విఫలమైన పక్షంలో రెండో పక్షం పక్షం రోజుల్లో నోటీసు ఇవ్వాలి" అన్న వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. చదివినవాడికి మాత్రం తల తిరుగుతుంది. "పక్షంలో" బదులు "అయితే", "సందర్భంలో" రాయండి. గడువులు అంకెల్లో "15 రోజులు" అని రాయండి. "పక్షాన" బదులు "తరఫున" చాలు.

అనువాదం అయ్యాక ఇవి మిగిలిపోయాయేమో చూడటం సులువే:

```
grep -nE 'పక్షంలో|పక్షం రోజు|పక్షాన' telugu.txt
```

ఇందులో "పక్షాన" అన్నది "పక్షానికి" లాంటి మంచి రూపాలు ఉన్న లైన్లని కూడా పట్టి చూపిస్తుంది. "పక్షంలో ఒకరు" లాంటి సరైన వాడుక కూడా దొరకొచ్చు. అవి వదిలేయండి. అసలు తెలుగులో వెతికేటప్పుడు పూర్తి మాట పెడితే సగం తప్పిపోతాయి. ఒప్పందం, ఒప్పందాన్ని, ఒప్పందపు, ఒప్పందాలకు అని విభక్తితో పాటు రూపం మారుతుంది. `ఒప్పంద`, `పక్ష` అని మొదలు వరకే పెట్టి వెతికితే అన్నీ వస్తాయి.

ఇంగ్లీషులో మామూలుగా చిన్న పీ‌తో వచ్చే థర్డ్ పార్టీని "మూడవ పక్షం" అనేస్తారు. ఇది డెవలప్‌మెంట్ పత్రాల్లో నిజంగా ప్రమాదం. ఎందుకంటే మన పత్రాల్లో సంతకాలు పెట్టేవారికి అంకెలు ఇస్తారు, మొదటి పక్షం వారు, రెండవ పక్షం వారు అని. అన్నదమ్ముల ఉమ్మడి స్థలమైతే ఇంకొకరు కూడా సంతకం పెట్టి, ఆయనే మూడవ పక్షం అవ్వొచ్చు. అప్పుడు "మూడవ పక్షానికి ఎలాంటి హక్కు ఉండదు" అన్న వాక్యం ఆ తమ్ముడి వాటాకే ఎసరు పెట్టినట్టు కనిపిస్తుంది. థర్డ్ పార్టీకి "బయటివారు" అని గానీ, ఇంకా బిగువుగా కావాలంటే "పక్షాలు కాని ఇతర వ్యక్తులు, సంస్థలు" అని గానీ రాయండి. బీమా క్లాజులో థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ వస్తే దాన్ని అలాగే ఉంచండి. బండి ఉన్న ప్రతివాడికీ ఆ మాట తెలుసు.

ఇప్పుడు ఒక క్లాజు తీసుకుందాం. ఇలాంటిది మీ పత్రంలో కూడా ఉండే ఉంటుంది. ఇంగ్లీషు సారాంశం ఇది: పెద్ద ఏ‌ని రద్దు చేయాలంటే పెద్ద పీ‌ల రాతపూర్వక చిన్న ఏ కావాలి, డెవలపర్ కొనుగోలుదారులతో చేసుకున్న చిన్న ఏ‌లు ఏవైనా ఉంటే, పెద్ద ఏ రద్దు వల్ల చిన్న పీ‌ల, అంటే థర్డ్ పార్టీల, హక్కులకి భంగం కలగదు. తేడా పట్టించుకోకుండా తెలుగు చేస్తే ఇలా వస్తుంది:

"ఈ ఒప్పందం రద్దు కావాలంటే ఉభయ పక్షాల లిఖితపూర్వక ఒప్పందం ఉండాలి. కొనుగోలుదారులతో చేసుకున్న ఒప్పందం ఏదైనా ఉన్న పక్షంలో, ఈ ఒప్పందం రద్దు వల్ల మూడవ పక్షాల హక్కులకు భంగం కలగదు."

ఒప్పందం నాలుగుసార్లు వచ్చింది, మూడు వేర్వేరు అర్థాల్లో. రెండో వాక్యంలోని "ఈ ఒప్పందం" కొనుగోలుదారుల ఒప్పందంలా వినిపిస్తోంది. అలా వింటే క్లాజు తలకిందులవుతుంది. ఫ్లాటు కొన్నవారి ఒప్పందమే రద్దయినట్టు, అయినా ఇంకెవరి హక్కులో నిలిచినట్టు అర్థమవుతుంది. పక్షం మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ మూడు పనులు చేసింది.

పైన చెప్పిన మాటలతో ఇలా అవుతుంది:

"డెవలప్‌మెంట్ ఒప్పందాన్ని రద్దు చేయాలంటే రెండు పక్షాలూ రాతపూర్వకంగా సమ్మతించాలి. డెవలపర్ కొనుగోలుదారులతో ఒప్పందాలు ఏవైనా చేసుకుని ఉంటే, డెవలప్‌మెంట్ ఒప్పందం రద్దయినందువల్ల బయటివారి హక్కులకు భంగం కలగదు."

ఇది గట్టిగా చదివి వినిపించినా ఎవరు, ఏది అన్న ప్రశ్న రాదు. ఒక్క సంగతి మాత్రం ఇంకా మిగిలింది. రాతపూర్వక చిన్న ఏ అంటే ఇద్దరూ సమ్మతి తెలుపుతూ ఉత్తరం రాస్తే చాలా, లేక ఇద్దరూ కలిసి ఒకే రద్దు పత్రం మీద సంతకం పెట్టాలా? ఇంగ్లీషు మాట రెండిటికీ చోటిస్తుంది, తెలుగులో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. పైగా ఒప్పందం రిజిస్టర్ అయి ఉంటే రద్దు ఎలా చేయాలన్నది లాయర్ తేల్చాల్సిన విషయం. అడగండి.

ఇంకో క్లాజు దాదాపు ప్రతి కాంట్రాక్టు చివర్లోనూ ఉంటుంది. ఈ పెద్ద ఏ‌నే పెద్ద పీ‌ల మధ్య ఉన్న చిన్న ఏ మొత్తం, ఇంతకుముందు చేసుకున్న చిన్న ఏ‌లన్నీ దీనితో పోతాయి అని. "ఈ ఒప్పందమే పూర్తి ఒప్పందం, గత ఒప్పందాలు రద్దు" అని తెలుగు చేస్తే మంత్రంలా ఉంటుంది, అర్థం అందదు. అక్కడ చెప్పేది, ఇద్దరూ దేనికి ఒప్పుకున్నారో అదంతా ఈ పత్రంలోనే ఉంది, నోటి మాటగా చెప్పినవీ పాత కాగితాలూ చెల్లవు అని. "ఈ విషయంలో పక్షాల మధ్య కుదిరినదంతా డెవలప్‌మెంట్ ఒప్పందంలోనే ఉంది. అంతకుముందు నోటిమాటగా గానీ, రాతపూర్వకంగా గానీ కుదుర్చుకున్నవేవీ ఇకపై చెల్లవు" అంటే సరిపోతుంది. ఈ క్లాజుని మీ భూ యజమానికి ప్రత్యేకంగా చూపించండి. బిల్డర్ టీ తాగుతూ ఇచ్చిన మాటలు చాలావరకు ఇక్కడే పోతాయి.

ఆర్బిట్రేషన్ క్లాజు దగ్గర మాత్రం చిన్న ఏ‌కి చాలా బరువుంది. ఆర్బిట్రేషన్ అండ్ కన్సిలియేషన్ చట్టం, 1996లో సెక్షన్ 7 ఆర్బిట్రేషన్ ఒప్పందం అంటే ఏమిటో విడిగా చెప్తుంది. అది కాంట్రాక్టులో ఒక క్లాజుగా ఉన్నా సరే. సెక్షన్ 16 ప్రకారం, ట్రైబ్యునల్ తన అధికార పరిధిని తేల్చేటప్పుడు ఆ క్లాజుని కాంట్రాక్టులోని మిగతా షరతుల నుంచి వేరైన ఒప్పందంగా చూస్తుంది. కాంట్రాక్టు చెల్లదని తేలినంత మాత్రాన ఆ క్లాజు దానంతటదే చెల్లకుండా పోదు. ఆర్బిట్రేషన్ ఒప్పందం అని ఉన్నచోట మీరు "ఈ ఒప్పందం" అని గానీ "డెవలప్‌మెంట్ ఒప్పందం" అని గానీ రాశారనుకోండి, ఒప్పందం రద్దయితే గొడవ తీర్చుకునే దారి కూడా రద్దయినట్టు చదువుతారు. చట్టం చెప్పేది దానికి ఎదురు. "ఆర్బిట్రేషన్ ఒప్పందం" అని పూర్తిగా రాయండి, ఒక్కచోట కూడా కుదించొద్దు. అదే చట్టంలో పార్టీ అంటే ఆర్బిట్రేషన్ ఒప్పందంలో ఉన్నవారు. మీ పత్రంలో ఇద్దరే సంతకం పెడుతుంటే తేడా పెద్దగా తెలియదు, కానీ చట్టం మాటని ఉటంకించినచోట చిన్న పీ ఉంటే అది పొరపాటు కాదని గుర్తుంచుకోండి.

చివరిగా, అనుమానంతో గుర్తు పెట్టుకున్నవి. "గడువు తప్పిన పార్టీ" అని చిన్న పీ‌తో ఉంటే, గడువు తప్పగలిగేది సంతకం పెట్టినవారే కదా, అది పెద్ద పీ అయ్యుండాలి అనిపిస్తుంది. నిజమే కావచ్చు. "నిర్మాణం వల్ల నష్టపోయిన పార్టీ" అని చిన్న పీ‌తో ఉంటే, అది పక్కింటివాళ్లని కూడా కలుపుకోవడానికి కావాలనే రాసి ఉండొచ్చు. దాన్ని "పక్షం" అని రాస్తే పక్కింటి గోడ బీటలు వారినా డెవలపర్‌కి బాధ్యత లేనట్టు అవుతుంది. ఏది ఏ రకమో తేల్చే అధికారం అనువాదకుడికి లేదు. మీకు తోచినట్టు దిద్దేసి ఊరుకోకండి. క్లాజు నంబరు, ఉన్న మాట, మీ సందేహం, రెండు రకాల తెలుగూ రాసి ఒకే మెయిల్‌లో లాయర్‌కి పంపండి. జవాబు వచ్చేవరకు అక్కడ నిర్వచించిన మాట వాడకుండా "వ్యక్తి లేదా సంస్థ" అని తాత్కాలికంగా పెట్టి, పసుపు రంగు వేసుకోండి.

అదే మెయిల్‌లో ఇంకో ప్రశ్న కూడా అడగండి: రెండు ప్రతుల మధ్య తేడా వస్తే ఏది చెల్లుతుంది? ఇంగ్లీషే చెల్లుతుందని క్లాజు ఉంటే మీ ప్రతి చదివి అర్థం చేసుకోవడానికి మాత్రమే, ఆ సంగతి మొదటి పేజీ పైనే రాయమనండి. తెలుగు ప్రతి మీద కూడా సంతకాలు పెడుతూ రెండూ సమానమని ఉంటే, "డెవలప్‌మెంట్ ఒప్పందం", "పక్షం" అన్న మాటల నిర్వచనాల్ని తెలుగులో లాయర్ చదివి ఒప్పుకున్నాకే మిగతా పేజీలు ఇవ్వండి.